కెమెరాలో ఫొటోలు కనిపిస్తాయి, కంప్యూటర్‌లో కార్డే కనిపించదు: తప్పు రీడర్‌దా, అడాప్టర్‌దా, కార్డుదా?

"కార్డు కెమెరాలో పెడితే ఫొటోలన్నీ వస్తున్నాయండీ. తీసి లాప్‌టాప్‌లో పెడితే ఉలుకూ పలుకూ లేదు. కార్డు పోయినట్టేనా?" పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. అందుకే ప్రతిసారీ ఫోన్‌లో చెప్పేదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు ఒక మాట. కెమెరా ఆ కార్డును చదువుతోంది అంటే కార్డు చాలావరకు బాగానే ఉందని అర్థం. కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య ఇంకో రెండు వస్తువులున్నాయి: రీడర్, మైక్రో ఎస్‌డీ అయితే దాన్ని తొడిగిన అడాప్టర్. ఈ మూడింటినీ కలిపి ఎన్నిసార్లు పెట్టి తీసినా ఏమీ తేలదు. ఒక్కోదాన్ని విడిగా పరీక్షించాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి. పద్ధతంతా ఇంతే. కింద రాసినదంతా దాన్ని ఎలా చేయాలన్నదే.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- సమస్య ఉన్న కార్డు, అది పనిచేస్తున్న కెమెరా, నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీ
- కెమెరాతో వచ్చిన యూఎస్‌బీ కేబుల్ (చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ కాదు)
- పోయినా బాధపడని ఇంకో కార్డు. వీలైతే మీ కార్డు లాంటిదే, అంటే అదే రకం. ఎందుకో తర్వాత చెప్తాను
- ఇంకో రీడర్. కొనక్కర్లేదు, పక్కింటి కుర్రాడిని అడిగినా దొరుకుతుంది
- మైక్రో ఎస్‌డీ అయితే ఇంకో అడాప్టర్
- ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నాలుగు కలయికలు దాటాక ఏది దేనితో పెట్టామో ఎవరికీ గుర్తుండదు

1. ముందు ఫొటోలు బయటకు తీయండి

పరీక్షలన్నీ తర్వాత. కార్డు కెమెరాలోనే ఉంచి, కేబుల్‌తో కెమెరాను కంప్యూటర్‌కు కలపండి. కెమెరా ఆన్ చేస్తే కంప్యూటర్‌లో అది కెమెరాలాగానే కనిపిస్తుంది. అక్కడి నుంచి `DCIM` ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. ఇక్కడ కార్డును చదివేది కెమెరా. రీడర్‌కూ లాప్‌టాప్ స్లాట్‌కూ సంబంధం లేకుండా ఫొటోలు వచ్చేస్తాయి.

ఒక చిక్కు ఉంది. కొన్ని కెమెరాల్లో యూఎస్‌బీ సెట్టింగ్‌లో రెండు మూడు రకాలుంటాయి: `MTP`, `PTP`, `Mass Storage`. చివరిది పెట్టి ఉంటే కెమెరా తనే ఒక రీడర్‌లా మారిపోయి కార్డును నేరుగా కంప్యూటర్‌కు అప్పజెప్పేస్తుంది. అప్పుడు కార్డును ఫార్మాట్ చేయమని కంప్యూటర్ ఒక మెసేజ్ చూపించొచ్చు. టెన్షన్ పడకుండా `Cancel` కొట్టి, కెమెరా మెనూలో `MTP` లేదా `PTP`కి మార్చి మళ్లీ కలపండి. ఈ రెండింట్లో ఫైళ్లను చదివి అందించే పని కెమెరాదే.

కాపీ అయ్యాక నాలుగు ఫొటోలు, ఒక వీడియో తెరిచి చూడండి. వీడియోను మధ్యకు జరిపి చూడండి, మొదటి పది సెకన్లు కాదు. అవి బాగుంటే మీ మొదటి పరీక్ష కూడా అయిపోయినట్టే: కార్డులోని డేటా క్షేమంగా ఉంది. కాగితం మీద "కెమెరా + కేబుల్: వచ్చింది" అని రాయండి.

హెచ్చరిక: ఈ పని పూర్తయ్యేదాకా `You need to format the disk in drive E: before you can use it.` అన్న మెసేజ్ ఎన్నిసార్లు వచ్చినా `Format disk` నొక్కకండి. కార్డు పాడైందని ఆ మెసేజ్ చెప్పడం లేదు. "ఇందులో ఉన్నది నాకు అర్థం కావట్లేదు" అని మాత్రమే చెప్తోంది.

2. కంప్యూటర్ సరిగ్గా ఏమంటోందో చూడండి

"రావట్లేదు" అనే మాటలో నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. ఏ జబ్బో తెలియకుండా మందు వేయలేం. విండోస్‌లో `Win + R` నొక్కి `diskmgmt.msc` అని టైప్ చేయండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరుచుకుంటుంది. `This PC`లో చూసి నిర్ణయించకండి, ఎందుకంటే కార్డు లేని ఖాళీ రీడర్లను విండోస్ మామూలుగా అక్కడ చూపించదు. రీడర్ బాగానే ఉన్నా లేనట్టే అనిపిస్తుంది.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కింది సగం చూడండి.

అసలు కొత్త వరుసే రాకపోతే కంప్యూటర్‌కు రీడరే అందట్లేదు. కార్డు సంగతి ఇంకా మొదలే కాలేదు.

`Removable` అని వరుస వచ్చి, దాని కింద `No Media` అని ఉంటే రీడర్ అందింది, దానికి కార్డు తగలట్లేదు. ఇది ఎక్కువగా అడాప్టర్ దగ్గరో, బంగారు రంగు పట్టీల దగ్గరో ఉండే తప్పు.

సైజు కనిపించి పక్కన `RAW` అని ఉంటే కార్డు తగిలింది, కానీ చదివింది అర్థం కావట్లేదు. ఇక్కడ సైజును తప్పక రాసుకోండి. 32 జీబీ కార్డు విండోస్‌లో సుమారు 29, 64 జీబీది 59, 128 జీబీది 119 చూపించాలి. లెక్క వేరుగా ఉండటం వల్ల ఆ తేడా, భయపడక్కర్లేదు. దీనికి దూరంగా ఉన్న అంకె వస్తే మాత్రం అనుమానం రీడర్ మీదికి పోవాలి.

సైజు సరిగ్గా ఉండి, `exFAT` లేదా `FAT32`, పక్కన `Healthy` అని ఉండి, డ్రైవ్ అక్షరం మాత్రం లేకపోతే ఇక పరీక్షలేమీ అక్కర్లేదు. దాని మీద రైట్ క్లిక్ చేసి `Change Drive Letter and Paths`లో `Add` నొక్కి ఒక అక్షరం ఇవ్వండి. పని అయిపోయింది. పాపం, చాలామంది దీనికే కొత్త కార్డు కొనేస్తారు.

లినక్స్ వాడేవాళ్లు టెర్మినల్‌లో ఈ రెండో ఆజ్ఞ నడుస్తుండగా కార్డు పెట్టి చూస్తే కథంతా కళ్ల ముందే వస్తుంది:

```
lsblk
sudo dmesg -w
```

`error -110` అని వస్తే కార్డు నుంచి సమయానికి జవాబు రాలేదని అర్థం, అంటే తగలకపోవడం లాంటి సమస్య. మ్యాక్‌లో అయితే `diskutil list` సరిపోతుంది.

3. రీడర్‌ను విడిగా పరీక్షించండి

కార్డు తీసేయండి. డివైస్ మేనేజర్ తెరిచి ఖాళీ రీడర్‌ను గుచ్చండి, తీయండి, మళ్లీ గుచ్చండి. గుచ్చినప్పుడు జాబితా ఒకసారి కదిలి కొత్త పేరు రావాలి. కదలిక లేదంటే వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టు కాదు, వెనక మదర్‌బోర్డుకు నేరుగా ఉన్నది. ముందు పోర్టులు లోపల ఒక తీగతో కలిసి ఉంటాయి, ఆ తీగ వదులైతే మౌస్ పనిచేస్తుంది గానీ రీడర్ తడబడుతుంది. హబ్‌లు, ఎక్స్‌టెన్షన్ తీగలు కూడా ఈ పరీక్షలో వద్దు.

ఇప్పుడు మీ కార్డు కాదు, ఆ రెండో కార్డు పెట్టండి. అది తెరుచుకుంటే రీడర్ బతికే ఉంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంట్లో ఉన్న పాత 8 జీబీ కార్డు పెట్టి, అది తెరుచుకోగానే "రీడర్ బాగుంది, కార్డే పోయింది" అని తీర్పు చెప్పేస్తారు. కార్డుల్లో రకాలున్నాయి. 2 జీబీ దాకా మామూలు ఎస్‌డీ. అది దాటి 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ. 32 దాటితే 2 టీబీ దాకా ఎస్‌డీఎక్స్‌సీ. ఈ మూడో రకం 2009లో వచ్చింది. అంతకుముందు తయారైన రీడర్లకు అంత పెద్ద కార్డు ఉంటుందనే ఊహే లేదు. వాటిలో కొన్ని అదృష్టం కొద్దీ పెద్ద కార్డులనూ చదివేస్తాయి. కొన్ని తప్పు సైజు చూపించి ఫార్మాట్ అడుగుతాయి. కాబట్టి మీ కార్డు 64 జీబీ అయితే పరీక్ష కార్డు కూడా 64 లేదా ఆపైనే ఉండాలి. చిన్న కార్డు తెరుచుకుంటే "ఈ రీడర్ చిన్న కార్డులను చదువుతుంది" అని మాత్రమే రాసుకోండి, అంతకుమించి కాదు.

మీ కార్డు ఏ రకమో దాని మీదే `SDHC` లేదా `SDXC` అని అచ్చు వేసి ఉంటుంది. రీడర్ మీద గానీ దాని డబ్బా మీద గానీ `SDXC` అని ఉందేమో చూడండి.

లాప్‌టాప్‌లోనే స్లాట్ ఉంటే దానికి రెండు మాటలు. ఒకటి, కొన్ని లాప్‌టాప్‌ల స్లాట్లలో లోపలికి దుమ్ము చేరకుండా ఒక ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, చూడటానికి అచ్చం కార్డులాగే. అది తీయకుండా కార్డు తోసి "దూరట్లేదు" అన్నవాళ్లు ఉన్నారు. రెండోది, స్లాట్ కంప్యూటర్‌కు అసలు అందకపోతే డ్రైవర్ లోపం కావొచ్చు. డివైస్ మేనేజర్‌లో `Memory technology devices` లేదా `SD host adapters` కింద పసుపు గుర్తు కనిపిస్తే దాని మీద రైట్ క్లిక్ చేసి `Uninstall device` కొట్టి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే మీ లాప్‌టాప్ మోడల్ పేరుతో తయారీదారు సైట్‌లో ఉన్న కార్డ్ రీడర్ డ్రైవర్ వేసుకోండి. డ్రైవర్లు తెచ్చిపెడతామనే వేరే సాఫ్ట్‌వేర్‌ల జోలికి పోకండి.

ఆఫీసు లాప్‌టాప్ మీద పరీక్షిస్తున్నారా? వద్దు. పెన్‌డ్రైవ్‌లు, కార్డులు తెరుచుకోకుండా కంపెనీలు కట్టడి పెడుతుంటాయి. అక్కడ `Access is denied` వస్తే అది కార్డు తప్పూ కాదు, రీడర్ తప్పూ కాదు. ఇంటి కంప్యూటర్ మీద చూడండి.

4. అడాప్టర్‌ను విడిగా పరీక్షించండి

మీది పెద్ద సైజు ఎస్‌డీ కార్డే అయితే ఇది వదిలేసి ముందుకు వెళ్లండి. మైక్రో ఎస్‌డీ వాడేవాళ్లు మాత్రం ఇక్కడ కాస్త ఆగండి. నా దగ్గరికి వచ్చిన కేసుల్లో అందరూ ఆఖరున అనుమానించింది దీన్నే.

అడాప్టర్‌లో చిప్ గట్రా ఏమీ ఉండదు. మైక్రో ఎస్‌డీ పట్టీలను పెద్ద కార్డు పట్టీల దాకా తీసుకెళ్లే సన్నటి లోహపు రేకులు కొన్ని, చుట్టూ ప్లాస్టిక్, అంతే. చిన్న కార్డును పట్టుకోవాల్సిన ఆ రేకుల కొసలు స్ప్రింగుల్లా కాస్త పైకి లేచి ఉండాలి. తీసి పెట్టీ తీసి పెట్టీ అవి అణిగిపోతాయి. ఒక్క రేకు సరిగ్గా తగలకపోయినా కథ అడ్డం తిరుగుతుంది. మరి కెమెరాలో ఎలా పనిచేస్తోందంటారా? కెమెరా స్లాట్ కార్డును మొత్తం లోపలికి తీసుకుని గట్టిగా పట్టుకుంటుంది. చాలా లాప్‌టాప్ స్లాట్లలో కార్డు సగం బయటే ఉంటుంది. వేలు తగిలినా కదులుతుంది. వదులైన రేకు ఒక చోట తగిలి, ఇంకో చోట తగలకపోవడంలో వింతేమీ లేదు.

పరీక్ష రెండు వైపుల నుంచి చేయాలి.

మొదట, అడాప్టర్ లేకుండా కార్డు. రీడర్‌కు మైక్రో ఎస్‌డీ సందు విడిగా ఉంటే కార్డును నేరుగా అందులో పెట్టండి. లేకపోతే మెమరీ కార్డు సందు ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో పెట్టి చూడండి. ఫోన్ "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే వద్దనండి. కార్డును ఫోన్ మెమరీలో కలిపేసుకుంటామనే సెటప్‌కు కూడా ఒప్పుకోకండి, అది కార్డును తుడిచేస్తుంది.

తర్వాత, కార్డు మార్చి అదే అడాప్టర్. బాగున్న ఇంకో మైక్రో ఎస్‌డీని ఈ అడాప్టర్‌లో పెట్టి చూడండి. అదీ రాకపోతే, ఆ రెండో కార్డునే ఇంకో అడాప్టర్‌లో పెట్టండి. ఇప్పుడు వస్తే దొంగ దొరికినట్టే.

అడాప్టర్‌ను బాగుచేయడం గురించి అడుగుతుంటారు. పిన్నుతో రేకులు పైకి లేపొచ్చు, కానీ చేయకండి. వంకర రేకు స్లాట్‌లో ఇరుక్కుంటే నష్టం లాప్‌టాప్‌కే. కొత్త మైక్రో ఎస్‌డీ కార్డులు చాలావాటితో అడాప్టర్ ఉచితంగా వస్తుంది. దాని ఖరీదు అంతే.

పక్కనున్న లాక్ బటన్ గురించి కూడా ఇక్కడే. దాన్ని కిందికి జరిపితే కార్డులో రాయడం ఆగుతుంది, చదవడం ఆగదు. ఆ బటన్‌కు లోపల తీగ కూడా లేదు. అది ఎక్కడుందో రీడర్ బయటి నుంచి తడిమి చూసుకుంటుంది, అంతే. కాబట్టి ఫొటోలు కనిపించకపోవడానికి లాక్ కారణం కాదు. అయితే బటన్ వదులై అంచు బయటికి వస్తే కార్డు స్లాట్‌లోకి పూర్తిగా దూరదు. అది వేరే సంగతి.

5. ఇప్పుడు కార్డు

రీడర్, అడాప్టర్ రెండూ మీ కార్డు రకానికే చెందిన ఇంకో కార్డుతో పనిచేశాయి, మీ కార్డు ఒక్కటే రావట్లేదు. ఇప్పుడే కార్డు వైపు చూడాలి. అంతకుముందు కాదు.

కార్డు వెనక బంగారు పట్టీలను వెలుతురులో వంచి చూడండి. మసకగా, వేలిముద్రలతో, సముద్రం దగ్గరి ఊళ్లలో అయితే సన్నని పచ్చటి మరకలతో కనిపించొచ్చు. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఇయర్‌బడ్‌కు కొద్దిగా అద్ది, పట్టీల పొడవునా ఒకే దిశలో తుడవండి. ఐదు నిమిషాలు ఆరనివ్వండి. మెత్తటి తెల్ల రబ్బరుతో రుద్దినా పనవుతుంది, కానీ పొడి పూర్తిగా దులపాలి, లేకపోతే అది స్లాట్‌లోకి చేరుతుంది. గరుకు కాగితం, థిన్నర్, పెట్రోలు వద్దు. నోటితో ఊదడం కూడా వద్దు, తేమ పడుతుంది.

పెద్ద సైజు కార్డులో పట్టీల మధ్య సన్నని ప్లాస్టిక్ గట్లుంటాయి. ఒక గట్టు విరిగి వంగితే అది రీడర్ పిన్నుకు అడ్డు పడుతుంది. అలాంటి కార్డును మళ్లీ మళ్లీ తోయకండి.

పట్టీలు శుభ్రంగా ఉండి, సైజు సరిగ్గా చూపించి, ఇంకా `RAW` అంటుంటే మిగిలింది కార్డులోని ఫైల్ పద్ధతి. 32 దాటిన కార్డులను కెమెరాలు `exFAT`లో ఫార్మాట్ చేస్తాయి. విండోస్ 7 నుంచి అన్నీ దాన్ని చదువుతాయి. ఎక్స్‌పీ మీద నడుస్తున్న పాత స్టూడియో కంప్యూటర్‌కు మాత్రం విడిగా అప్‌డేట్ వేస్తే తప్ప తెలియదు. లినక్స్‌లో కూడా చాలా పాతదైతే ఎక్స్‌ఫ్యాట్ ప్యాకేజీ వేసుకోవాలి. కంప్యూటర్ కొత్తదే అయినా `RAW` అంటే ఆ ఫైల్ పట్టికలో ఎక్కడో దెబ్బ తగిలింది. ఫొటోలు మొదటి అడుగులోనే తీసేసుకున్నారు కాబట్టి దాన్ని బాగుచేసే ప్రయత్నాలు వద్దు. కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, తీసుకొచ్చి రీడర్‌లో పెట్టండి. తెరుచుకుంటుంది.

`chkdsk E:` అని ఊరికే నడిపితే తప్పులున్నాయో లేదో చెప్తుంది, మార్చదు. `/f` చేర్చారంటే మార్చేస్తుంది, ఫొటోలు కాస్తా పేరు లేని `.CHK` ఫైళ్లుగా మారిపోవొచ్చు. ఫొటోలు బయటికి రాకముందు దాని జోలికి వెళ్లకండి. అలాగే `diskpart`లో `list disk` దాకా పర్వాలేదు, `clean` అనే మాట మాత్రం టైప్ చేయకండి.

ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా

మా వీధి స్టూడియోలో పనిచేసే కుర్రాడు ఓ రాత్రి కార్డు పట్టుకుని వచ్చాడు. "అన్నా, పెళ్లి మొత్తం ఇందులోనే ఉంది. రెండు చోట్ల పెట్టి చూశా, రెండు చోట్లా రాలేదు. కార్డు పోయింది" అన్నాడు. 128 జీబీ మైక్రో ఎస్‌డీ, అడాప్టర్‌లో ఉంది. లాప్‌టాప్ స్లాట్‌లో పెడితే `No Media`. స్టూడియోలోని పాత యూఎస్‌బీ రీడర్‌లో పెడితే ఫార్మాట్ అడిగింది.

"రెండు చోట్లా ఒకే మాట అన్నాయా?" అని అడిగాను. కాదన్నాడు. అదే నాకు అనుమానం తెచ్చింది. కార్డే పోయి ఉంటే రెండూ దాదాపు ఒకేలా మాట్లాడాలి.

ముందు కేబుల్‌తో ఫొటోలన్నీ తీసేశాం. అతని ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. ఇక కాగితం మీద రాసింది ఇది:

1. 16 జీబీ పెద్ద ఎస్‌డీ, లాప్‌టాప్ స్లాట్: తెరుచుకుంది
2. అదే 16 జీబీ, పాత రీడర్: తెరుచుకుంది
3. 128 జీబీ మైక్రో, అడాప్టర్ లేకుండా నేరుగా పాత రీడర్ మైక్రో సందులో: ఫార్మాట్ అడిగింది, సైజు 23 జీబీ
4. నా ఫోన్‌లోని 32 జీబీ మైక్రో, అతని అడాప్టర్, లాప్‌టాప్: `No Media`
5. అదే 32 జీబీ, నా అడాప్టర్, లాప్‌టాప్: తెరుచుకుంది
6. 128 జీబీ, నా అడాప్టర్, లాప్‌టాప్: తెరుచుకుంది

మూడో వరుస చూడండి. అక్కడ అడాప్టర్ లేదు, అయినా రాలేదు. 119 చూపించాల్సిన చోట 23 చూపించింది. ఆ రీడర్‌కు పెద్ద కార్డు లెక్క అందలేదు, లెక్క చుట్టు తిరిగి చిన్న అంకె దగ్గర ఆగింది. రెండో వరుసలో 16 జీబీ తెరుచుకోవడం చూసి రీడర్ బాగుందని వదిలేసి ఉంటే దొరికేది కాదు. నాలుగు, ఐదు వరుసల్లో మారింది అడాప్టర్ ఒక్కటే. కాబట్టి లాప్‌టాప్ దగ్గరి తప్పు దానిదే.

అంటే ఒకేసారి రెండు వేర్వేరు తప్పులు. లాప్‌టాప్ దగ్గర అడాప్టర్, స్టూడియోలో రీడర్. రెండు చోట్లా ఉన్నది ఒక్క కార్డే కాబట్టి నింద దాని మీద పడింది. "రెండు చోట్ల రాలేదు, కాబట్టి కార్డే" అన్న లెక్క ఇలాగే తప్పుతుంది.

అయిపోయిందని ఎలా తెలుసుకోవాలి

ఫోల్డర్ తెరుచుకోగానే సంబరపడకండి. వదులైన సంధి చిన్న చిన్న ఫొటోలను లాగించేసి, పెద్ద వీడియో దగ్గర చేతులెత్తేస్తుంది.

కొత్తగా పెట్టిన కలయికతో కంప్యూటర్ నుంచి ఒక 4 జీబీకి కాస్త తక్కువ ఉన్న వీడియోను కార్డులోకి కాపీ చేయండి. మధ్యలో కార్డును వేలితో మెల్లగా తాకి చూడండి. డ్రైవ్ మాయమై మళ్లీ వస్తే ఆ సంధి ఇంకా వదులే. కాపీ పూర్తయ్యాక `Eject` చేసి, కార్డు తీసి, మళ్లీ పెట్టి, అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో మీ వీడియో ఉన్న చోటు, దాని పేరు, కార్డు డ్రైవ్ అక్షరం వేసి ఈ రెండూ నడపండి. తీసి పెట్టకపోతే విండోస్ తన మెమరీలో ఉన్నదే చదివి అంతా బాగుందనేస్తుంది.

```
certutil -hashfile C:\test.mp4 SHA256
certutil -hashfile E:\test.mp4 SHA256
```

రెండు చోట్లా వచ్చిన పొడుగాటి అంకెల వరుస అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. తేడా వస్తే అదే ఫైల్‌తో ఇంకో రీడర్ మీద చేయండి. అక్కడా తేడా వస్తే ఇప్పుడు నిజంగానే కార్డును అనుమానించొచ్చు.

అప్పుడు కార్డును ఖాళీ చేసి `h2testw` నడపండి, లినక్స్ అయితే `f3write`, `f3read`. కార్డు నిండా రాసి, తిరిగి చదివి పోల్చుతాయి. సైజు మోసం ఉన్న నకిలీ కార్డులు కూడా ఇక్కడ దొరికిపోతాయి. సెకనుకు 20 ఎంబీ రాసే 64 జీబీ కార్డుకు రాయడానికే దాదాపు గంట పడుతుంది, కాబట్టి రాత్రి పెట్టి పడుకోండి. ఒక్క తప్పు వచ్చినా ఆ కార్డు ఇక పెళ్లిళ్లకు పనికిరాదు.

ఆ కుర్రాడి కార్డు ఈ పరీక్ష నెగ్గింది. పాత రీడర్ మీద మార్కర్‌తో "32 దాకా మాత్రమే" అని రాసి స్టూడియోకు పంపాను. అడాప్టర్‌ను మాత్రం అతను జేబులో వేసుకోబోతుంటే లాక్కుని కత్తెరతో రెండు ముక్కలు చేశాను. సొరుగులోకి చేరితే వచ్చే సీజన్‌కు అదే మళ్లీ బయటికి వస్తుంది.